కాకర రసం, నేరేడు గింజల పొడి, పొడపత్రి: ముందు మీ మాత్ర పేరు చూడండి

జూన్, జూలై నెలల్లో కడప, ప్రొద్దుటూరు బజార్లలోకి నేరేడుపండ్ల గంపలు దిగగానే చాలా ఇళ్లలో ఒక పని మొదలవుతుంది. పండు తిన్నాక గింజ పారేయరు. కడిగి, మిద్దె మీద ఎండబెట్టి, పైపొట్టు ఒలిచి, దంచి, జల్లెడ పట్టి సీసాలో పోసి పెడతారు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు పొద్దున్నే ఒక చెంచా పొడి నీళ్లలో కలుపుకుని తాగుతారు. కాకరకాయ రసానికి కాలంతో పనిలేదు, ఏడాదంతా దొరుకుతుంది. పొడపత్రి ఆకు పొడి మూలికల అంగట్లో పొట్లం కట్టి ఇస్తారు. ఇవి మూడూ కలిపిన పొడులు కూడా ఉన్నాయి. వాటిలో మెంతులు, నేలవేము కూడా వేస్తారు.

వీటి గురించి అందరూ అడిగేది ఒకటే: షుగర్ తగ్గుతుందా, తగ్గదా? దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. వీటితోపాటు మీరు ఏ మాత్ర వేసుకుంటున్నారు? ఈ ఆకులు, గింజల వల్ల వచ్చే ప్రమాదం ఎక్కువభాగం ఆ మాత్ర పేరు మీదే ఆధారపడి ఉంటుంది.

మాత్రల షీటు వెనక్కి తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టుకున్న పేరు ఉంటుంది. అసలు మందు పేరు వేరే, దాన్ని వెతికి పట్టుకోవాలి. అక్కడ మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే, ఆ మందు తనంతట తాను షుగర్‌ను ప్రమాదకరంగా పడేయడం చాలా అరుదు. కాలేయం రక్తంలోకి వదిలే చక్కెరను అది తగ్గిస్తుంది, అంతే. ఇన్సులిన్‌ను బలవంతంగా బయటికి నెట్టదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అని ఉంటే మాత్రం లెక్క మారుతుంది. ఇవన్నీ సల్ఫోనిల్‌యూరియా అనే ఒకే కుటుంబానికి చెందిన మందులు. ఇవి క్లోమంలోని కణాల చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉందా, తక్కువగా ఉందా అని చూసుకోవు. మీరు అన్నం తిన్నా తినకపోయినా వాటి పని అవి చేసుకుపోతాయి. మన దగ్గర రాసే మాత్రల్లో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపినవి ఎక్కువ కాబట్టి, "నాది మెట్‌ఫార్మినే" అనుకునే చాలామంది నోట్లోకి గ్లిమెపిరైడ్ కూడా వెళ్తోంది. ఇక ఇన్సులిన్ సూది తీసుకునేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పేరు చివర 'గ్లిప్టిన్' అని, 'గ్లిఫ్లోజిన్' అని ఉండే మందులు మాత్రం వేరే జాతివి. వినడానికి దగ్గరగా ఉన్నా, అవి ఒంటరిగా షుగర్‌ను ఇలా పడేయవు.

ఇప్పుడు ఈ మూడింటి మీద జరిగిన పరిశోధనలు చూద్దాం.

కాకరకాయలో చరాంటిన్ అనే పదార్థం, ఇన్సులిన్‌ను పోలిన ఒక ప్రోటీన్, ఇంకా కొన్ని ఉన్నాయి. ఎలుకల్లో ఇవి షుగర్ తగ్గించిన మాట నిజం. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఫలితాలు పలచబడ్డాయి. మందుల మీద జరిగిన పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2012లో కాకర మీద సమీక్ష వేసింది. దానికి పనికొచ్చినవి నాలుగే పరీక్షలు, అందులో మొత్తం 479 మంది. ఏదీ మూడు నెలలు దాటలేదు. మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే కాకర మెరుగ్గా పనిచేసిందని చెప్పడానికి ఆధారం చాలలేదు. 2011లో థాయ్‌లాండ్‌లో జరిగిన పరీక్షలో రోజుకు 2 గ్రాముల ఎండు కాకర ఇచ్చినప్పుడు నాలుగు వారాల్లో కొంత తగ్గుదల కనిపించింది. అయితే రోజుకు 1 గ్రాము మెట్‌ఫార్మిన్ తీసుకున్నవాళ్లలో తగ్గినంత తగ్గలేదు. అంటే కాకరలో ఏమీ లేదని కాదు, ఉన్నది కొంచెం, అదీ మనిషి మనిషికీ మారుతుంది.

నేరేడు విషయంలో బ్రెజిల్ పరిశోధకులు చేసిన పరీక్షలో ఆకులతో కాచిన టీ షుగర్‌ను తగ్గించలేదు. అదే పరీక్షలో పక్కనే పెట్టి చూసిన గ్లిబెన్‌క్లమైడ్ తగ్గించింది. గింజల పొడి మీద మన దేశంలో జరిగిన చిన్న పరీక్షలో రోజుకు 10 గ్రాముల చొప్పున మూడు నెలలు ఇస్తే పరగడుపు షుగర్ కొంత తగ్గింది. 10 గ్రాములంటే కాస్త గుమ్మటంగా తీసిన రెండు మూడు చెంచాలు. ఇంట్లో తాగే ఒక చెంచాతో అదే ఫలితం వస్తుందని ఎవరూ చూపించలేదు.

పొడపత్రి కథ వీటికంటే ఆసక్తిగా ఉంటుంది. ఆకు నమిలి, కాసేపాగి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టే ఉంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకాలను అడ్డుకోవడమే దీనికి కారణం. అరగంట నుంచి గంట దాకా తీపి తెలియదు. ఈ తమాషా చూసే మన పెద్దవాళ్లు దీన్ని మధునాశిని అన్నారు. నాలుక మీద తీపి తెలియకపోవడం, రక్తంలో చక్కెర తగ్గడం వేర్వేరు సంగతులే అయినా, రెండో దానికీ కొంత ఆధారం ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పటికే షుగర్ మాత్రలు వాడుతున్న 22 మందికి పొడపత్రి సారం రోజుకు 400 మిల్లీగ్రాములు, 18 నుంచి 20 నెలలపాటు ఇచ్చారు. షుగర్ తగ్గింది. ఐదుగురు తమ పాత మాత్రలు పూర్తిగా మానేయగలిగారు.

పొడపత్రి అమ్మేవాళ్లందరూ చెప్పేది ఈ అధ్యయనం సంగతే. దీనికి పెద్ద లోపం ఉంది. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని చీటీ తీసినట్టు పంచి, ఉత్తుత్తి మాత్రతో పోల్చిన పరీక్ష కాదిది. ఆ లోపాన్ని పక్కన పెట్టి, ఫలితాన్ని ఉన్నదున్నట్టు నమ్ముదాం. అప్పుడు అది ఏం చెబుతోంది? పాత మాత్రల మీద పొడపత్రి చేరితే, ఆ మాత్రల మోతాదు తగ్గించాల్సి వచ్చిందని. అక్కడ షుగర్ పరీక్షలు చూస్తూ తగ్గించడానికి డాక్టర్లు ఉన్నారు. మన ఇళ్లలో పొడి మొదలుపెట్టేవాళ్లు ఆ మాట డాక్టరుకు చెప్పరు. "ఆకే కదా, ఏం చేస్తాది?" అనుకుంటారు. పొడి పనిచేయదనుకుంటే డబ్బు దండగ, అంతటితో పోతుంది. పనిచేస్తుందని నమ్మితే మాత్రం మాత్ర మోతాదు గురించి ఆలోచించి తీరాలి. పనిచేస్తుందని నమ్ముతూనే, దానివల్ల ఏమీ కాదనడం కుదరదు.

కాకర విషయంలో ఇలాంటి హెచ్చరిక 1979లోనే వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. క్లోర్‌ప్రోపమైడ్ వాడుతున్న ఒక మహిళ కాకరకాయ కూర తిన్నప్పుడు ఆమె షుగర్ మీద అదనపు ప్రభావం కనిపించిందని అందులో రాశారు. క్లోర్‌ప్రోపమైడ్ కూడా సల్ఫోనిల్‌యూరియానే, గ్లిమెపిరైడ్‌కు పాత తరం బంధువు. ఒక్క మనిషి అనుభవంతో శాస్త్రం తేలదు కానీ, ఎటు చూడాలో అది చూపించింది.

ఇది మన ఇళ్లలో ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ప్రొద్దుటూరులో 64 ఏళ్ల పెద్దాయన అనుకోండి. పన్నెండేళ్లుగా షుగర్. గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.2. పరగడుపున 168. క్రియాటినిన్ 1.6, అంటే మూత్రపిండాలు కాస్త నెమ్మదించాయి. వియ్యపురాలు ఒక పొడి పంపింది. అందులో పొడపత్రి, నేరేడు గింజలు, మెంతులు. దానికి తోడు ఆయనే పొద్దున్నే నాలుగు కాకరకాయలు మిక్సీలో వేసి, వడగట్టి ఒక గ్లాసు తాగడం మొదలుపెట్టాడు. రాత్రి అన్నం, సంగటి మానేసి ఒక జొన్నరొట్టెకు వచ్చాడు. నడక కూడా పెంచాడు.

మూడు వారాలకు పరగడుపు షుగర్ 118. ఇంట్లో అందరికీ సంతోషం. "సూడు, పొడి పన్జేస్తాంది" అని చెంచా కాస్తా చెంచాన్నర అయింది. నిజానికి ఆ 50 అంకెల తగ్గుదలలో రొట్టె వాటా ఎంత, నడక వాటా ఎంత, పొడి వాటా ఎంత అన్నది ఎవరూ విడదీయలేరు. కానీ మొత్తంగా షుగర్ కిందికి దిగింది, మాత్ర మాత్రం షుగర్ 168 ఉన్నప్పటి మోతాదులోనే ఉంది. ఈ దశలోనే డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే ఆయన మాత్ర తగ్గించేవాడు. ఎవరూ వెళ్లలేదు. ఫలితం బాగుంటే డాక్టరు ఎందుకన్నదే అందరి ఆలోచన.

తొలి ఏకాదశి వచ్చింది. ఉపవాసం. టిఫిన్ లేదు. మాత్ర మాత్రం మానకూడదని వేసుకున్నాడు, రసం ఎలాగూ తాగాడు. గుడికి నడిచి వెళ్లి వచ్చాడు. పదకొండు గంటలకు చెమటలు మొదలయ్యాయి. చేతులు వణుకుతున్నాయి, గుండె దడ. భార్య పలకరిస్తే విసుక్కున్నాడు. తర్వాత మాట తడబడింది. ఎండలో తిరిగొచ్చినందుకు దెబ్బ తగిలిందనుకుని కోడలు ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చింది.

ఇక్కడే మన ప్రాంతంలో ఎక్కువగా పొరపడే చోటు ఉంది. అనంతపురం, కర్నూలు, కడప ఎండల్లో చెమట పట్టిన మనిషిని చూస్తే ముందు వడదెబ్బే గుర్తొస్తుంది. ఉప్పు మజ్జిగలో షుగర్ పెంచేంత చక్కెర లేదు. ఓఆర్‌ఎస్ కలిపి ఇచ్చినా చాలదు. లీటరు నీళ్లకు కలిపే ప్యాకెట్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే, అంటే ఒక గ్లాసులో మూడు గ్రాములు కూడా ఉండదు. షుగర్ మాత్ర లేదా ఇన్సులిన్ వాడే మనిషికి చెమట, వణుకు, దడ, ఉన్నట్టుండి కోపం, తికమక వస్తే ముందు గ్లూకోమీటరు తీయాలి. మీటరు లేకపోతే షుగర్ పడిపోయిందనే అనుకుని చక్కెర ఇవ్వాలి. అది పొరపాటైనా కాసేపు షుగర్ పెరగడం తప్ప పెద్ద నష్టం లేదు. బీపీకి మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడేవాళ్లలో వణుకు, దడ సరిగ్గా బయటపడవు, చెమట ఒక్కటే కనిపించవచ్చు. నిద్రలో షుగర్ పడిపోతే దిండు, బనియన్ తడిసిపోవడం, పీడకలలు, పొద్దున్నే తలనొప్పి ఉంటాయి.

పెద్దాయనకు మీటరు పెడితే 46. రక్తంలో 70 కంటే తగ్గితే షుగర్ పడిపోయినట్టు, 54 కంటే తగ్గితే మెదడుకు చాలినంత చక్కెర అందని స్థాయి. స్పృహ ఉంది, మింగగలడు కాబట్టి చేయాల్సింది స్పష్టం: మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ పొడి, సుమారు 15 గ్రాములు, అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి. 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. లడ్డు, మైసూర్‌పాక్, చాక్లెట్ ఈ పనికి రావు. వాటిలోని నెయ్యి, కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తాయి. పొడపత్రి ఆకు నమిలి ఉంటే చక్కెర నీళ్లు చప్పగా అనిపించవచ్చు. తీపి తెలియకపోయినా అది పనిచేస్తుంది, తాగడం ఆపకూడదు.

మాత్రలో వోగ్లిబోజ్ లేదా అకార్బోజ్ కూడా ఉంటే మాత్రం వంటింటి చక్కెర సరిగ్గా పనిచేయదు. చక్కెరను పేగులో విడగొట్టే ఎంజైమునే ఆ మందు అడ్డుకుంటుంది. అప్పుడు మెడికల్ షాపులో దొరికే గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోజ్ మూడూ కలిపిన మాత్రలు మన దగ్గర మామూలే కాబట్టి, షుగర్ మాత్ర ఉన్న ఇంట్లో గ్లూకోజ్ డబ్బా ఒకటి ఉంచుకోవడం మేలు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

పెద్దాయనకు రెండుసార్లు చక్కెర నీళ్లు ఇచ్చాక 92కి వచ్చింది. ఇడ్లీ తిన్నాడు, లేచి కూర్చున్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు మళ్లీ 60. సల్ఫోనిల్‌యూరియా వల్ల పడిన షుగర్‌కు ఉన్న చెడ్డ గుణమిది. చక్కెర నీళ్లు గంట, రెండు గంటల్లో అయిపోతాయి. గ్లిమెపిరైడ్ దాదాపు రోజంతా ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటుంది. మూత్రపిండాలు నెమ్మదిస్తే ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే ఈ మాత్రలు వేసుకున్న మనిషికి ఇలా జరిగితే, తేరుకున్నాక కూడా ఆసుపత్రిలో ఒక రోజైనా ఉంచి, గంట గంటకూ షుగర్ చూస్తారు, సెలైన్‌లో డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తారు.

ఇందులో తప్పు పొడిదేనా? ఒక్క పొడిదే కాదు. మాత్ర ఉంది, తగ్గిన మూత్రపిండాల పని ఉంది, ఉపవాసం ఉంది, నడక ఉంది, మానేసిన సంగటి ఉంది. రంజాన్ మాసంలో రోజా ఉండేవాళ్లకు కూడా ఈ లెక్కే వర్తిస్తుంది. సహరీలో పొడి, మాత్ర రెండూ వేసుకుని సాయంత్రం దాకా ఏమీ తినకపోతే షుగర్ పడిపోయే అవకాశం పెరుగుతుంది. ఉపవాసాల్లో మాత్ర ఎప్పుడు, ఎంత వేసుకోవాలో డాక్టరును ముందే అడగాలి.

పొట్లం విషయంలో ఇంకో అనుమానం కూడా పెట్టుకోవాలి. మూలికల పేరుతో అమ్మే కొన్ని మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి అసలు మాత్రలనే కలిపి అమ్మిన ఉదంతాలు పలు దేశాల్లో బయటపడ్డాయి. 2008లో సింగపూర్‌లో మగతనం పెంచుతాయని అమ్మిన సరుకులో గ్లిబెన్‌క్లమైడ్ కలిసి, షుగర్ జబ్బు లేనివాళ్లే దాదాపు 150 మంది షుగర్ పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు. నలుగురు చనిపోయారు. ఏ పొడైనా రెండు మూడు రోజుల్లోనే షుగర్‌ను 250 నుంచి 110కి దింపితే, నేనైతే సంతోషపడను, అనుమానిస్తాను. ఆకులు, గింజలు అంత వేగంగా పనిచేసినట్టు ఏ పరీక్షలోనూ కనిపించలేదు. పేరు, తయారీదారు, లైసెన్సు నంబరు లేని పొట్లం వాడకపోవడమే మంచిది.

కూర సంగతి వేరు. కాకరకాయ వేపుడు, పులుసు, ఉప్పు రాసి చేదు పిండి చేసిన కారం తినడానికి భయపడక్కర్లేదు. అన్నంతో, రొట్టెతో కలిసి వెళ్తుంది కాబట్టి షుగర్ పడిపోయే అవకాశం తక్కువ. పరగడుపున గ్లాసెడు రసం తాగడం అలా కాదు. నేరేడుపండ్లు కూడా గుప్పెడు తినొచ్చు. కాకపోతే పండు తిన్న వేలితోనే మీటరు పరీక్ష చేస్తే వేలికంటిన చక్కెర వల్ల అంకె ఎక్కువ చూపిస్తుంది, సబ్బుతో కడుక్కుని చూడాలి. గర్భిణులు, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లు కాకర రసం జోలికి వెళ్లకూడదు. కాకర గింజల్లోని వైసిన్ అనే పదార్థం ఆ లోపం ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలను దెబ్బతీయగలదు.

ఇవన్నీ తెలిసి కూడా వాడాలనుకుంటే ఒకదాన్నే వాడండి, మూడూ ఒకేసారి వద్దు. మొదలుపెట్టే ముందు మీ మాత్ర పేరు, మోతాదు, క్రియాటినిన్ ఎంతో డాక్టరుకు చెప్పండి. ఆయన వద్దంటారేమోనని దాచకండి. ఆయనకు తెలియకపోతే మాత్ర తగ్గించే వీలే ఉండదు. మొదటి నెల పరగడుపునే కాక, మధ్యాహ్నం భోజనానికి ముందు కూడా షుగర్ చూసుకోండి. పొద్దున వేసుకున్న గ్లిమెపిరైడ్ ప్రభావం ఆ వేళకు బలంగా ఉంటుంది, పరగడుపు పరీక్ష ఒక్కటే చూస్తే అది కనిపించదు. రెండుసార్లు 80 కంటే దిగువన వస్తే రసం, పొడి ఆపేసి ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. టైప్-1 ఉన్న పిల్లలకైతే ఇన్సులిన్ ఒక్కరోజు కూడా ఆపకూడదు. రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణాల మీదికి వస్తుంది, ఇన్సులిన్ చేసే పని ఏ ఆకూ చేయజాలదు.

ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే మాత్రల షీటుతోపాటు పొడి పొట్లం, రసం సీసా కూడా వెంట తీసుకెళ్లండి. పొడి ఎప్పుడు మొదలుపెట్టారు, ఈ రోజు ఎంత తాగారు, చివరిసారి అన్నం ఎప్పుడు తిన్నారు అన్నవి డాక్టరుకు చెప్పండి. షుగర్ 120కి వచ్చిందని ఇంటికి పంపమని తొందరపెట్టకండి. ఆ రాత్రి గ్లిమెపిరైడ్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది.